ధర పక్కన చుక్క

పిడుగురాళ్ల దాటాక హైవే పక్కన, రాతి క్వారీలకు వెళ్లే మట్టిదారి మొదట్లో ఒక కాటా ఉంది. అందులో నేను పదమూడేళ్లుగా పనిచేస్తున్నాను. కాటా అంటే నేలకు సమానంగా పరిచిన పెద్ద ఇనుప పలక, దాని పక్కన ఒక గది. గదిలో నేను, ఒక కంప్యూటరు, చీటీలు కొట్టే ప్రింటరు, బయట డ్రైవర్లకు వినబడేందుకు ఒక మైకు. టిప్పరు ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి తూస్తాను. రాయి నింపుకొని వచ్చాక ఇంకోసారి తూస్తాను. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే సరుకు బరువు. ఇంతే నా ఉద్యోగం. రోజుకు వంద తీసివేతలు చేసేదాన్ని, నా సొంత తమ్ముడి దగ్గరికొచ్చేసరికి ఒక్క తీసివేత కూడా చెయ్యకుండా తీర్పు చెప్పాను.

తూకంలో ఒక నియమం ఉంది. బండి పలక మీదికి ఎక్కాక డ్రైవరు కిందికి దిగాలి. ఖాళీ బండికి లోపల కూర్చుని లోడు బండికి దిగిపోయాడనుకోండి, లేదా అటుదిటు చేశాడనుకోండి, ఒక మనిషి బరువు అటో ఇటో పోతుంది. డెబ్బై కిలోల రాయి ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. అందుకే అందర్నీ దింపుతాను. మా తమ్ముడొక్కడే దిగేవాడు కాదు. రెండు తూకాలకూ లోపలే కూర్చుంటాడు కాబట్టి తేడా రాదని వాడి వాదన. అదీ నిజమే. "దిగరా" అని మైకులో అరిస్తే, క్యాబిన్‌లోంచి తల బయటపెట్టి "నేను నీకు బరువా అక్కా?" అనేవాడు. లైన్లో ఉన్న డ్రైవర్లందరూ నవ్వేవాళ్లు. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు. చంకనేసుకుని పెంచాను. ఆ మాటకి నాకు కోపం వచ్చినట్టు నటించాలి కాబట్టి నటించేదాన్ని.

మా అమ్మాయి నరసరావుపేటలో నర్సింగులో చేరినప్పుడు దాని పాత ఫోను నిండిపోయి, ఏది తెరిచినా "చోటు లేదు" అంటోంది. క్లాసు వీడియోలు, నోట్సు, పరీక్షల కాగితాలు అన్నీ ఫోన్లోకే వస్తాయట. ఫోన్ల విషయం మా తమ్ముడికి తెలుసు. క్వారీలో సగం మందికి వాడే ఆన్‌లైన్లో తెప్పించి పెట్టేవాడు. ఒక మధ్యాహ్నం కాటా కిటికీకి మోచేతులు ఆనించి ఏదో మోడలు చూపించాడు.

"అక్కా, ఇదే పేరు మీద రెండు రకాలుంటయ్. చిన్నది నూటిరవై ఎనిమిది జీబీ. పెద్దది రెండొందల యాభై ఆరు. మన పిల్లకి పెద్దదే కావాల. చిన్నది ఆరు నెలలకే నిండిపోద్ది, మళ్లా మొదటికొస్తది."

"ఏదోకటి తెప్పించరా. ఆ నంబర్లన్నీ నాకెందుకు?" అన్నాను. అప్పుడు పలక మీదికి బండి ఎక్కుతోంది. నేను అటు చూస్తున్నాను.

పదహారు వేల ఐదు వందలు ఇచ్చాను. నాలుగు రోజులకు ఫోను వచ్చింది. బిల్లు పదహారు వేల నాలుగు వందల తొంభై తొమ్మిది. వాడు బిల్లు కాగితం డబ్బాలో పెట్టి, దాని మీద ఒక రూపాయి బిళ్ల ఉంచి, "నీ చిల్లర అక్కా, మళ్లా తిన్నానంటావు" అన్నాడు. ఆ బిళ్లని సొరుగులో పడేశాను. అమ్మాయి ఫోను తీసుకుని హాస్టలుకి వెళ్లిపోయింది.

తరవాత పది రోజులకనుకుంటాను, ఆదివారం. మా ఆయన మంచం మీద పడుకుని ఫోను చూస్తూ లేచి కూర్చున్నాడు. ఆయన సున్నపు బట్టీలో గుమాస్తా.

"ఏమే, ఇది మన పిల్ల ఫోనే గదా?"

చూశాను. అదే పేరు. అదే నీలం రంగు. వెనకాల అవే రెండు గుండ్రటి కెమెరాలు. కింద పెద్ద అక్షరాల్లో పదమూడు వేల నాలుగు వందల తొంభై తొమ్మిది. అది వేరే ఆన్‌లైన్ దుకాణం. అంకె పక్కన చిన్న చుక్క గుర్తు ఉంది. ఇద్దరం అంకెనే చూశాం.

"సరిగ్గా మూడు వేలు," అన్నాడాయన.

"బిల్లుంది గదా."

"బిల్లా? ఇరవయ్యేళ్ల నుంచి బిల్లులు రాస్తన్నా, నాకు చెప్పమాకు. ఈ ఊళ్లో బిల్లుకీ సరుక్కీ ఏనాడన్నా పొత్తు కుదిరిందా? ఎవుడో లింకు పంపిస్తాడంట, ఆ లింకులోంచి కొనిపిస్తే కొనిపించినోడికి కమీషనంట. లేకపోతే చౌక కొట్టుండగా పిరం కొట్లో ఎందుకు కొంటాడే? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు."

ఆయన అన్నదానిలో ఒక్క ముక్క నా చెవికి నిజంలా తగిలింది. రాయి కొన్నా, సున్నం అమ్మినా, బండి కట్టించినా మా దగ్గర మధ్యలో ఒకడికి కమీషను ఉండాల్సిందే. కాగితం మీద ఒకటి, పలక మీద ఒకటి కనబడటం నాకు కొత్త కాదు. కాగితాన్ని నమ్మకూడదని పదమూడేళ్లుగా నేర్చుకున్నదాన్ని. అందుకే వాడి బిల్లునీ నమ్మలేదు. మూడు వేల కోసం కాదు, వాడు నా దగ్గర తిన్నాడన్నందుకు ఒళ్లు మండింది. ఆ రాత్రి వాడికి ఫోన్ చేసి అడిగితే సరిపోయేది. అడగలేదు.

సోమవారం పొద్దున వాడి టిప్పరు పలక ఎక్కింది. వెనకాల ఐదు బండ్లు. కిటికీ దగ్గర టీకొట్టు పిన్ని నాకు టీ పోస్తోంది. నేను అలవాటు కొద్దీ మైకు బటన్ నొక్కాను. డ్రైవర్లతో ఏం మాట్లాడినా మైకులోనే మాట్లాడతాను, చెయ్యి దానంతటదే వెళ్తుంది.

"ఒరేయ్, ఫోన్లో మూడు వేలు తిన్నావంట గదరా. అక్కనని కూడా చూళ్లేదా?"

నా గొంతు బయట స్పీకర్లోంచి నాకే తిరిగి వినబడింది. లైన్లో ఎవరో ఇంజను ఆపారు. పిన్ని టీ పొయ్యడం ఆపింది.

వాడు దిగాడు. పలక మీద బండి ఉండగా వాడు దిగడం నేను చూడటం అదే మొదటిసారి. కిటికీ దగ్గరికొచ్చి మామూలు గొంతుతోనే అడిగాడు.

"ఎవరన్నారక్కా?"

"ఎవరంటే నీకెందుకు? పదమూడున్నరకి దొరికేదాన్ని పదహారున్నరకి ఎందుకు కొన్నావు?"

"అది వేరే అక్కా. అందులో ఏందంటే..."

"వేరే ఏంది? పేరదే, బొమ్మదే, రంగదే. నేనేమన్నా గుడ్డిదాన్నా?"

ఈ మాటలన్నీ మైకులోనే వెళ్లాయి. నా బొటనవేలు బటన్ మీదే ఉంది. వాడు మైకు వంక చూశాడు, నా వంక చూశాడు, ఇక చెప్పడం మానేశాడు. చొక్కా జేబులోంచి ఆరు ఐదు వందల కాగితాలు తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. ట్రిప్పు ఖర్చులకు యజమాని ఇచ్చిన డబ్బులు అవి.

"తూకం చీటీ ఇయ్యి," అన్నాడు.

ఇచ్చాను. వెళ్లిపోయాడు. నాకు ఏమీ అనిపించలేదు. గెలిచినట్టూ లేదు, ఏడుపూ రాలేదు. తరవాతి బండి ఎక్కింది, దాన్ని తూచాను.

మర్నాటి నుంచి వాడు బండి పలక ఎక్కించగానే దిగేవాడు. అందరు డ్రైవర్లలాగే నాలుగడుగులు అవతల నిలబడేవాడు. చీటీ కోసం కిటికీ దగ్గరికొచ్చి "మేడం, చీటీ" అనేవాడు. క్వారీ డ్రైవర్లందరూ నన్ను మేడమనే అంటారు. వాడొక్కడే అక్కా అనేవాడు. మొదటిసారి ఎగతాళికి అంటున్నాడనుకున్నాను. వారం గడిచినా అదే. ఎగతాళి కాదు. ఆదివారాలు కోడికూర వండితే వాడి వాటా ఒక గిన్నెలో తీసి పెట్టేదాన్ని. రాలేదు. రెండు వారాలయ్యాక తీసి పెట్టడం మానేశాను. ఆ ఆరు కాగితాలు సొరుగులో రూపాయి బిళ్ల పక్కనే ఉన్నాయి. వాటితో ఏమీ కొనలేదు. మా ఆయన అడిగితే "ఉన్నాయిలే" అన్నాను.

నెల దాటింది. టీకొట్టు పిన్ని వాళ్లాయన ఫోను నీళ్లల్లో పడింది. పిన్ని ఒక మధ్యాహ్నం, లోడు బండ్లు తగ్గాక, గదిలోకొచ్చింది.

"అమ్మాయ్, నువ్వన్నావే పదమూడున్నర ఫోను, అది మీ బాబాయికి తెప్పించిపెట్టు. డబ్బులిస్తా."

"దానికేం భాగ్యం పిన్నీ, ఇప్పుడే పెడతా," అన్నాను. నిజం చెప్తున్నాను, నాకు కొంచెం సంతోషం కూడా కలిగింది. పదమూడున్నరకి తెప్పించి చూపిస్తే నా మాట నెగ్గుతుంది. వాడి చెవిన కూడా పడుతుంది.

ఆ దుకాణం తెరిచాను. అదే బొమ్మ, అదే అంకె, అదే చుక్క. అమ్మాయిని అడిగి దాని ఫోను వివరాలు రాసుకుని పక్కన పెట్టుకున్నాను, సరిగ్గా అదే తెప్పించాలని. పేజీలో ముందే ఒక గడి రంగు వేసి ఉంది: ఆరు జీబీ ర్యాము, నూటిరవై ఎనిమిది జీబీ చోటు. మా అమ్మాయిది ఎనిమిది, రెండు వందల యాభై ఆరు. ఆ గడి నొక్కాను. పదమూడు వేల నాలుగు వందల తొంభై తొమ్మిది కాస్తా పదిహేను వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది అయింది.

"అదేందమ్మాయ్, పెరిగిందే?" అంది పిన్ని.

"వేరే సైజు పిన్నీ," అన్నాను. అన్నాక ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. అది వేరే అక్కా.

అప్పుడు చుక్క గుర్తు చదివాను. కింద సన్నటి అక్షరాల్లో ఉంది. ఈ ధర ఒక ఫలానా బ్యాంకు క్రెడిట్ కార్డుతో కడితే వచ్చే వెయ్యి తగ్గింపు తీసేశాక అట. ఆ తగ్గింపు ఫోనుది కాదు, కార్డుది. నా దగ్గర ఆ కార్డు లేదు, పిన్ని దగ్గర లేదు, మా తమ్ముడి దగ్గర ఏ కార్డూ లేదు. వెయ్యి కలిపాను. పదహారు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. ఇంకో చోట "పాత ఫోను ఇస్తే ఇంకా తక్కువ" అని రాసి ఉంది. పాత ఫోను ఇస్తే తగ్గేది మన పాత ఫోను ఖరీదు, కొత్తదాని ధర కాదు. దాన్ని అసలు లెక్కలోకి తీసుకోలేదు. మా పిన్కోడు కొట్టాను. చిరునామా నింపి కట్టే పేజీ దాకా వెళ్తే అక్కడ ఇంకో నలభై తొమ్మిది, ప్యాకింగు ఖర్చట. పదిహేడు వేల నలభై ఎనిమిది.

మధ్యలో ఒక బండొచ్చింది. తూచి పంపాను.

అదే పేజీలో "వేరే అమ్మకందార్లు" అని ఉంది. అంటే ఆ దుకాణం ఒక్కటే అమ్మడం లేదు. మన ఊరి సంతలో లాగా ఒకే కప్పు కింద చాలామంది ఎవరి ధర వాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లలో ఒకడు పదిహేను వేల రెండు వందల తొంభై తొమ్మిదే అంటున్నాడు. పిన్ని "అదిగో" అంది. తెరిచి చూస్తే, డబ్బా ఒకసారి విప్పి ఎవరో వెనక్కి పంపిన ఫోను. కంపెనీ వారంటీ కాదు, ఆ అమ్మకందారే ఇచ్చే ఆరు నెలల వారంటీ. మా అమ్మాయి ఫోనుకి కంపెనీ వారంటీ ఏడాది ఉంది. అవి రెండూ ఒకే సరుకు కాదు. ఏరిన మంచి ముక్కరాయికీ, మిగిలిపోయిన బొచ్చెరాయికీ ఒకే రేటు కట్టమన్నట్టుంటుంది.

ఇక మా తమ్ముడు కొన్న దుకాణం తెరిచాను. ఇక్కడే ఒక్క క్షణం ఆగాను. వాడు కొన్నది నెలన్నర కిందట. ఈ ధరలు పూటకోసారి మారతాయని, పండగ అమ్మకాలప్పుడు ఒకలాగా తరవాత ఒకలాగా ఉంటాయని నాకు తెలుసు. వాడి నాటి ధరని ఈనాటి ధరతో పోల్చడం తప్పు. ఖాళీ బండిని ఒక రోజు, లోడు బండిని డీజిలు కొట్టించాక ఇంకో రోజు తూచినట్టు. అందుకని రెండు దుకాణాల్నీ అదే నిమిషంలో, అదే పిన్కోడుకి, అదే పెద్ద సైజుకి, అదే కంపెనీ వారంటీకి, ఏ కార్డూ లేకుండా, కట్టే పేజీ దాకా తీసుకెళ్లాను. వాడి దుకాణంలో ఆ రోజు పదహారు వేల ఏడు వందల తొంభై తొమ్మిది. ఇంటికి తెచ్చే ఖర్చు లేదు. ప్యాకింగు ఖర్చు లేదు.

పెద్ద అంకెలోంచి చిన్నది తీసివేస్తే రెండు వందల నలభై తొమ్మిది. ఆ రోజు కూడా వాడి దుకాణమే తక్కువ. పదమూడున్నర ఫోను అనేది మా అమ్మాయి ఫోనే కాదు.

"మరి ఆ రోజు మీ తమ్ముడు చెప్పబోయింది ఇదే గదా అమ్మాయ్," అంది పిన్ని. ఆవిడ నన్ను పొడవాలని అనలేదు. టీ పోస్తూ అక్కడే ఉంది కదా, విన్నది విన్నట్టు అంది. "నువ్వు చెప్పనిస్తేగా."

సొరుగు లాగి చూశాను. ఆరు కాగితాలు, ఒక రూపాయి. రూపాయి కూడా వెనక్కిచ్చినవాడు మూడు వేలు తింటాడా అని నాకెందుకు తట్టలేదో ఈనాటికీ తెలియదు.

పిన్నికి చిన్న సైజే పెట్టాను. బాబాయికి ఫోన్లు, పాటలు, అంతకు మించి పని లేదు, చిన్నది చాలు. కార్డు తగ్గింపు లేకుండా, ప్యాకింగుతో కలిపి పద్నాలుగు వేల ఐదు వందల నలభై ఎనిమిది అయింది. పిన్ని లెక్క అడిగింది, ప్రతి అంకె చూపించాను. నెల కిందట ఆ పని ఇంకొకరి కోసం చెయ్యాల్సింది.

సాయంత్రం ఇంటికెళ్లి మా ఆయనకు చెప్పాను. చదువుతున్న పేపరు దించలేదు.

"వాడు ఆ రోజే నోరు తెరిచి చెప్పొచ్చుగా?"

"చెప్పబోయాడు. నేను మైకు నొక్కి అరిచా."

"అయితే పోయి చెప్పవే. తమ్ముడే గదా, ఎంతసేపు?"

ఒళ్లు మండిపోయింది. "ఈశ్వరుడు పట్టలేడన్నది మీరే గదండీ! మీరు పట్టారుగా, మీరే పోయి వదలండి!" అని గిన్నె ఎత్తి పడేశాను. గిన్నె సొట్ట పడింది. ఆయన పేపరు మడిచి బయటికి పోయాడు. ఆ నెల రోజుల్లో నాకు కోపం వచ్చిన రోజు అదొక్కటే. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ నోరు అరిగేలా చెప్పేది. అందులోనూ నేను మైకులో జారాను.

మర్నాడు పొద్దున వాడు చీటీ కోసం కిటికీ దగ్గరికి రాగానే ఆరు కాగితాలు ముందుకు జరిపాను.

"తప్పు నాదేరా. అది చిన్న సైజు ధర. కార్డు తగ్గింపు కూడా కలిపేశారు. నిన్న నేనే కట్టే పేజీ దాకా పోయి చూశా. నువ్వు కొన్నదే తక్కువ."

"పర్లేదు మేడం."

"డబ్బులు తీసుకో."

"పిల్లకి పుస్తకాలు కొనివ్వండి."

చీటీ తీసుకుని వెళ్లిపోయాడు. కొనివ్వండి. వాడు నన్ను బహువచనంలో పిలవడం అప్పుడే సరిగ్గా విన్నాను. రోజూ అంటూనే ఉన్నాడు, నేను మేడం దగ్గరే ఆగిపోయాను.

నలుగురిలో అన్నమాటని చాటుగా వెనక్కి తీసుకుంటే ఏం లాభం? అది కూడా ఒక తూకం తప్పే. లోడు అందరి ముందు తూచి, ఖాళీ బండిని గోడచాటున తూచినట్టు. మధ్యాహ్నం వాడి బండి ఖాళీగా రావాలి. ఎదురుచూశాను. వచ్చింది. వెనకాల ఆరు బండ్లు ఉన్నాయి, ఆనాటి కంటే ఒకటి ఎక్కువే. పిన్ని కొట్టు దగ్గర నలుగురున్నారు. మైకు బటన్ నొక్కాను. ఈసారి చూసే నొక్కాను.

"అందరూ వినండయ్యా. నెల కిందట మా తమ్ముడు ఫోన్లో మూడు వేలు తిన్నాడని ఈ మైకులోనే అన్నా. తినలా. నేను చూసింది చిన్న ఫోను ధర. అది కూడా మన దగ్గర లేని కార్డుకి. వాడు కొన్నది పెద్ద ఫోను. ఒకే సరుకు పెట్టి లెక్కేస్తే వాడు కొన్న కొట్టే చౌక. సరిగ్గా చూడకుండా నోరు పారేసుకున్నది నేను. తప్పు నాది."

స్పీకరు ఆగింది. పిన్ని కొంగుతో గ్లాసు తుడుస్తూ నిలబడిపోయింది. నేను కిటికీలోంచి క్యాబిన్ వైపు చూశాను. స్టీరింగు మీద వాడి చేతులు కనబడుతున్నాయి. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. తల బయట పెట్టి, నేను నీకు బరువా అక్కా అంటాడని కూడా ఆశపడ్డాను.

తలుపు తెరుచుకుంది. వాడు మెల్లిగా దిగి, పలక దాటి, నాలుగడుగులు అవతల నిలబడ్డాడు.

"దిగాను మేడం. తూయండి," అన్నాడు.

తూచాను. వాడు లోపలే కూర్చున్న రోజుల్లో వచ్చే ఖాళీ బరువు కంటే డెబ్బై కిలోలు తక్కువ వచ్చింది.